ఫోటోలో కనురెప్ప పాలిపోయి కనిపిస్తే రక్తహీనత అనుకోవచ్చా?

"మా చెల్లెలు వేరే ఊళ్లో ఉంటుంది, వయసు 29. కొన్ని నెలలుగా నీరసంగా ఉందని, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని అంటోంది. నిన్న రాత్రి కింది రెప్ప లాగి ఒక ఫోటో, అరచేయి బాగా చాచి ఒక ఫోటో తీసి పంపింది. గదిలో వెలుతురు తక్కువని ఫ్లాష్ వేసిందట. రెండూ బాగా తెల్లగా ఉన్నట్టు నాకు అనిపిస్తోంది. ఇది రక్తహీనతేనా? ఐరన్ మాత్రలు మొదలుపెట్టమని చెప్పవచ్చా?"

ఒకటి రెండు రోజుల్లో రక్తపరీక్ష చేయించుకోమని చెప్పండి. మాత్రలు మాత్రం రక్తం ఇచ్చేదాకా వద్దు. ఈ మాట ఆ ఫోటోలను బట్టి చెప్పడం లేదు. నెలల తరబడి నీరసం, మెట్లు ఎక్కితే ఆయాసం, నెలసరి వచ్చే వయసు. పరీక్షకు పంపడానికి ఇవే చాలు. ఫోటోలు చక్కగా ఎర్రగా ఉన్నా ఇదే చెప్పేవాణ్ని. ఎందుకంత గట్టిగా చెబుతున్నానో తెలియాలంటే ఆ రంగు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

రక్తంలోని హిమోగ్లోబిన్ నీలం, ఆకుపచ్చ కాంతులను బాగా పీల్చుకుని ఎరుపును వదిలేస్తుంది. అది తగ్గితే ఎరుపు పలచబడుతుంది. ఒంటి మీద చాలా చోట్ల చర్మంలోని మెలనిన్ ఈ తేడాను కప్పేస్తుంది. అందుకే వైద్యులు మెలనిన్ దాదాపు లేని కింది రెప్ప లోపలి పొరను, అది తక్కువగా ఉండే అరచేతిని, గోళ్ల అడుగును చూస్తారు. చామనఛాయ వారిలోనూ, నల్లటి వారిలోనూ ఈ చోట్లే కాస్త నిజం చెబుతాయి.

కానీ ఆ చోట కనిపించే ఎరుపు హిమోగ్లోబిన్ ఒక్కదాని వల్ల వచ్చేది కాదు. ఆ క్షణాన అక్కడి సన్నని రక్తనాళాల్లో ఎంత రక్తం ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. చలికి, భయానికి, రక్తపోటు పడిపోయినప్పుడు నాళాలు ముడుచుకుంటాయి. హిమోగ్లోబిన్ 14 ఉన్నా చేయి తెల్లబడుతుంది. ఏడ్చినా, కన్ను నలిపినా, నిద్ర చాలకపోయినా, పొగ తగిలినా నాళాలు విప్పుకుంటాయి. హిమోగ్లోబిన్ 8 ఉన్నా రెప్ప లోపల ఎర్రగా కనిపిస్తుంది. మీరు ఫోటోలో చూసేటప్పుడు వీటికి మరొకటి తోడవుతుంది: ఆ రంగును ఎలా చూపాలో కెమెరా తనంతట తాను తీసుకునే నిర్ణయం. రక్తపరీక్షకు ఈ చివరి రెండింటితోనూ పని లేదు. రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత ఉందో అది నేరుగా కొలుస్తుంది.

ఇప్పుడు కంటి దగ్గరికి వద్దాం. చాలామంది రెప్ప లాగి "ఎర్రగా ఉందా, తెల్లగా ఉందా" అని మొత్తంగా ఒక రంగు చూస్తారు. అలా చూస్తే మోసపోతాం, ఎందుకంటే ఆరోగ్యవంతుల్లో కూడా ఆ పొర అంతా ఒకే రంగులో ఉండదు. వెంట్రుకల వరుసకు దగ్గరగా, రెప్ప అంచు వెంబడే ఒక సన్నని పట్టీ ముదురు ఎరుపుగా ఉంటుంది. దాని వెనక, కనుగుడ్డు వైపు లోతుకు పోయే భాగం సహజంగానే లేత మాంసం రంగులో ఉంటుంది. చూడవలసింది ఈ రెండింటి మధ్య తేడాను. ముందు పట్టీ వెనక భాగం కంటే స్పష్టంగా ఎర్రగా ఉంటే పాలిపోలేదని అర్థం. రెండూ ఒకే లేత రంగులో కలిసిపోయి, పట్టీ ఎక్కడ ముగిసిందో తెలియకపోతే అది పాలిపోవడం. ఈ పద్ధతిలో ఒక మేలుంది: పోలిక ఒకే కంట్లో, ఒకే వెలుతురులో, ఒకే ఫోటోలో జరుగుతుంది. బల్బు పసుపుగా ఉంటే రెండు భాగాలూ పసుపుగానే మారతాయి, మధ్య తేడా కొంతైనా మిగులుతుంది. ఫోటో చూసి ఏదైనా చెప్పాల్సి వస్తే నేను చూసేది ఇదొక్కటే. రెప్పను ఎక్కువగా లాగి లోతైన భాగం మాత్రమే ఫోటోలో పడితే, ఆ ఫోటో నాకు పనికిరాదు. అక్కడ లేతగా ఉండటం సహజమే.

మీ చెల్లెలి కంటి ఫోటో ఫ్లాష్‌తో తీసినది. ఆ పొర ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి ఫ్లాష్ వెలుగు దాని మీద పడి అద్దం మీద పడినట్టు మెరుస్తుంది. ఆ తెల్లని మెరుపు సరిగ్గా ముందు పట్టీ మీదే పడటం చాలాసార్లు చూశాను. దానికి తోడు ఫోను కెమెరా రంగులను సరిచేసే తీరు ఒకటుంది. ఏది తెల్లనిదో కెమెరాకు తెలియదు. ఫ్రేములో ఉన్న రంగులన్నీ చూసి అంచనా వేసుకుంటుంది. బాగా దగ్గరగా తీస్తే ఫ్రేము నిండా చర్మం, ఎర్రని పొర మాత్రమే ఉంటాయి. వెలుతురే ఎర్రగా ఉందేమో అనుకుని అది ఎరుపును కొంత తగ్గిస్తుంది. అంటే కెమెరా తనంతట తానే రెప్పను పాలిపోయినట్టు చేస్తుంది. చుట్టూ ఉన్న చర్మం ముదురు రంగైతే ఇంకో చిక్కు: ఫ్రేము చీకటిగా ఉందని భావించి మొత్తం వెలుగు పెంచుతుంది, లేత రంగు పొర మరింత తెల్లబడిపోతుంది. ముఖాన్ని అందంగా చూపే ఫిల్టర్లు, ఫోటోను కుదించి పంపే యాప్‌లు, చూసేవారి తెర మీద రాత్రిపూట వచ్చే పసుపు ఛాయ, వీటన్నిటినీ విడమరచనక్కరలేదు. అన్నీ రంగును కదిలించేవే.

అరచేతి ఫోటో గురించి మీరు రాసిన "బాగా చాచి" అన్న మాట దగ్గర ఆగాను. వేళ్లను వెనక్కి విరిచినట్టు చాస్తే అరచేతి చర్మం బిగుసుకుని, దానిలోని రక్తం పక్కకు పోయి, ఎవరి చేయైనా తెల్లబడుతుంది. ఇప్పుడే మీ చేతిని అలా చాచి చూడండి, తర్వాత వదులు చేసి చూడండి. పిల్లల్లో రక్తహీనతను గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాథమిక ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే పద్ధతిలో ఈ హెచ్చరిక ప్రత్యేకంగా ఉంటుంది: చేతిని పక్క నుంచి మెల్లగా పట్టుకుని తెరవాలి, వేళ్లను వెనక్కి వంచకూడదు. ఆ పద్ధతిలో నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటుంది. బిడ్డ అరచేతిని ఏ రంగుల పటంతోనూ పోల్చమనరు. చూసేవారి సొంత అరచేతితో, ఇతర పిల్లల అరచేతులతో పోల్చమంటారు. పాలిపోవడం కొంచెమా, తెల్లకాగితంలా కనిపించేంత తీవ్రమా అని రెండే మెట్లు పెట్టుకుంటారు. తీవ్రమైతే వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపుతారు. కంటితో చూసి అంతకంటే సన్నగా కొలవలేమని తెలిసినవారు తయారుచేసిన పద్ధతి అది. ఒంట్లో నీరు చేరి చేయి ఉబ్బినా, పని వల్ల అరచేతి చర్మం మందమైనా లేతగా కనిపిస్తుంది. గర్భంలోనూ, కొన్ని కాలేయ జబ్బుల్లోనూ అరచేయి మామూలు కంటే ఎర్రబడుతుంది. అప్పుడు లోపలి రక్తహీనత కనబడదు.

ఇక ఈ విషయంలో నాకు జరిగిన ఒక తప్పు చెబుతాను. కొన్నేళ్ల క్రితం తెలిసినవారి అమ్మాయి తన తండ్రి కంటి ఫోటో పంపింది. ఆయనకు 58 ఏళ్లు. రెండు నెలలుగా అలసటగా ఉందని అంటున్నారట. ఫోటోలో రెప్ప లోపల మంచి ఎరుపు. అరచేయి కొంచెం పాలిపోయినట్టుంది కానీ చలికాలం, ఉదయం పూట తీశారు, చలి వల్లనేమో అనుకున్నాను. "రక్తం బాగానే ఉన్నట్టుంది, కొన్నాళ్లు చూద్దాం" అని రాశాను. మూడు వారాల తర్వాత ఆయన ఒక అంతస్తు మెట్లెక్కి మధ్యలో కూర్చుండిపోయారు. పరీక్షలో హిమోగ్లోబిన్ 8.1 వచ్చింది. ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం, అంటే ఎం.సి.వి., 69, మామూలుగా అది 80 నుంచి 100 మధ్య ఉండాలి. శరీరంలోని ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ 5. రాత్రుళ్లు నిద్ర పట్టక కళ్లు ఎర్రబడి ఉండేవని అప్పుడు చెప్పారు. ఆ ఎరుపు నిద్రలేమిది, నేను దాన్ని రక్తం అనుకున్నాను.

అంతటితో అయిపోలేదు. ఆ వయసు పురుషుడిలో ఐరన్ అంతగా తగ్గిందంటే రక్తం ఎక్కడో పోతూ ఉండాలి. పెద్దపేగును కెమెరాతో పరీక్షిస్తే కుడి వైపు కణితి దొరికింది. అక్కడి కణితులు నొప్పి లేకుండా, కంటికి కనిపించకుండా రోజూ కొంచెం కొంచెం రక్తాన్ని మలంలోకి వదులుతుంటాయి. ఆయనకు శస్త్రచికిత్స జరిగింది, ఇప్పుడు బాగున్నారు. మూడు వారాల ఆలస్యం ఆయనకు చేటు చేయలేదని శస్త్రవైద్యులు అన్నారు. కానీ ఆ "కొన్నాళ్లు చూద్దాం" అన్న మాట నేను రాసి ఉండకూడదు. అప్పటి నుంచి నాకు ఒకటే నియమం. ఫోటోను బట్టి ఎవరినైనా పరీక్షకు పంపుతాను, కానీ లక్షణాలున్న వారిని ఫోటో చూసి ఎన్నడూ ఆపను.

ఈ నియమం నా అనుభవం ఒక్కదాని మీద నిలబడినది కాదు. 1997లో ఆసుపత్రిలో చేరిన సుమారు 300 మంది కళ్లను వైద్యులు నేరుగా చూసి, తర్వాత హిమోగ్లోబిన్‌తో పోల్చిన అధ్యయనం ఒకటి వెలువడింది. దాని ఫలితాన్ని మామూలు లెక్కలోకి మార్చి చెబుతాను. మీ చెల్లెలి లాంటి లక్షణాలున్న 100 మందిలో 30 మందికి రక్తహీనత ఉందనుకుందాం. రెప్ప స్పష్టంగా పాలిపోయి కనిపించిన వారిని విడిగా తీస్తే వారిలో ఆ అవకాశం 30 నుంచి 66 దాకా పెరుగుతుంది. అది బలమైన సూచన, పరీక్షకు పంపడానికి చాలు. ఇప్పుడు రెండో వైపు చూడండి. రెప్ప ఎర్రగా ఉందని తేలిన వారిలో ఆ అవకాశం సున్నాకు పడిపోదు, 21కి మాత్రమే తగ్గుతుంది. అంటే ఎర్రగా ఉందన్న ఊరట వెనక అయిదుగురిలో ఒకరికి జబ్బు అలాగే ఉండిపోతుంది. అదీ వైద్యులు ఎదురుగా ఉండి చూసినప్పటి మాట.

స్వల్ప రక్తహీనతలో ఈ పద్ధతి మరీ బలహీనం. గర్భం లేని స్త్రీలో 12 కంటే, పురుషుడిలో 13 కంటే తక్కువైతే రక్తహీనత అంటారు, ప్రతి డెసిలీటరు రక్తానికి గ్రాముల్లో. 10.8 ఉన్న కంటినీ 12.8 ఉన్న కంటినీ పక్కపక్కన చూపిస్తే నేను నమ్మకంగా వేరు చేయలేను. 7కు దిగువకు వచ్చాక చాలామంది పోల్చగలరు. కానీ అంతదాకా ఆగితే ఈ సంకేతం వల్ల ప్రయోజనం ఏముంది? పైగా హిమోగ్లోబిన్ ఇంకా పడకముందే ఐరన్ నిల్వ ఖాళీ అయిపోతుంది. ఆ దశలో మనిషి అలసిపోతూనే ఉంటారు, కన్ను మాత్రం పూర్తిగా మామూలుగా ఉంటుంది. ఇంకో విపరీతం కూడా ఉంది. గాయమై ఒక్కసారిగా రక్తం పోతే మొదటి గంటల్లో మనిషి పాలిపోతారు, పరీక్షలో హిమోగ్లోబిన్ మామూలుగానే వస్తుంది. రక్తం మొత్తం పరిమాణం తగ్గింది కానీ మిగిలిన రక్తం చిక్కదనం ఇంకా మారలేదు. అలాంటి చోట కంటి మాటే వినాలి, పరీక్షను నమ్మి కూర్చోకూడదు.

ఫోనుతోనే హిమోగ్లోబిన్ చెప్పే యాప్‌ల గురించి చాలామంది అడుగుతుంటారు. 2018లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు గోళ్ల ఫోటో నుంచి హిమోగ్లోబిన్ అంచనా వేసే పద్ధతి ప్రచురించారు. నిజాయితీగా చేసిన పని. వారు చెప్పిన కచ్చితత్వం 2.4 గ్రాములు అటూ ఇటూ. అంటే తెర మీద 11 అని వస్తే అసలు విలువ 8.6 కావచ్చు, 13.4 కావచ్చు. మొదటిదైతే వెంటనే చికిత్స కావాలి, రెండోదైతే ఏమీ అక్కరలేదు. ఒక మనిషికి ఒకసారి అసలు పరీక్ష చేసి, దాన్ని బట్టి యాప్‌ను సరిదిద్దితే ఈ తేడా ఒక గ్రాము లోపలికి తగ్గిందని కూడా వారు చూపారు. అక్కడా మొదలు రక్తపరీక్షతోనే.

అయినా మళ్లీ ఫోటో తీయాలనుకుంటే, రక్తం ఇచ్చే లోపు తీయవచ్చు, తప్పులేదు. పగలు, కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట నిలబడాలి. గదిలో లైట్లు ఆపేయాలి, ఫ్లాష్ వద్దు. అంతకుముందు పది నిమిషాలు వెచ్చగా కూర్చోవాలి, కళ్లు నలపకూడదు. బుగ్గ ఎముక మీద వేలు పెట్టి చర్మాన్ని మెల్లగా కిందికి జరిపి, పైకి చూడాలి. రెప్పనే నొక్కితే రక్తం పోయి తెల్లబడుతుంది. అంచు వెంబడి ఉన్న పట్టీ, దాని వెనక భాగం రెండూ స్పష్టంగా పడాలి. కంటి కింద ఒక తెల్లకాగితం ముక్క ఫ్రేములో ఉండేలా పట్టుకోవాలి. ఫోటోలో ఆ కాగితం పసుపుగానో నీలంగానో కనిపిస్తే రంగు మారిపోయిందని మీకు తెలిసిపోతుంది. ఆ ఫోటో పక్కన పెట్టండి. అరచేతికైతే వేళ్లు సహజంగా కొంచెం ముడుచుకుని, చేయి గుండె ఎత్తులో ఉండాలి. పక్కనే ఇంకొకరి అరచేయి అదే ఫ్రేములో పెట్టించండి. మీరు చూడవలసింది ఆ రెండు చేతుల మధ్య తేడాను.

ఇక మాత్రల సంగతి. పాలిపోయిన కన్ను నిజంగానే పాలిపోయినా, హిమోగ్లోబిన్ తగ్గిందని మాత్రమే చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. ఐరన్ లోపం, బి12 లోపం, ఫోలేట్ లోపం, మూత్రపిండాల జబ్బు, పుట్టుకతో వచ్చే తలసీమియా లక్షణం, రక్తస్రావం, ఇవన్నీ ఒకే రంగు చూపిస్తాయి. బి12 తక్కువైన మనిషి నెలల తరబడి ఐరన్ మింగితే అలసట తగ్గదు సరికదా, ఈలోగా నరాలు దెబ్బతినవచ్చు. నేను పైన చెప్పిన పెద్దమనిషి ముందే ఐరన్ మొదలుపెట్టి ఉంటే కొన్నాళ్లకు ఓపిక వచ్చేది, కణితి మాత్రం పెరుగుతూ ఉండేది. ముందే మాత్రలు వేసుకుంటే ఫెరిటిన్ పెరిగి అసలు నిల్వ ఎంతో తెలుసుకోవడం కష్టమవుతుంది. అందుకే ముందు రక్తం, తర్వాత మాత్ర.

మీ చెల్లెలు పూర్తి రక్తకణాల పరీక్ష, ఫెరిటిన్ రెండూ ఒకేసారి చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ తగ్గి, ఎం.సి.వి. 80 లోపల ఉండి, ఫెరిటిన్ 15 కంటే తక్కువైతే ఐరన్ లోపం ఖాయం. అప్పుడు నెలసరి రక్తస్రావం ఎంత అవుతోందని వైద్యులు అడుగుతారు. ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని ప్యాడ్‌లు, గడ్డలు పడుతున్నాయా అన్నది ఇప్పుడే రాసిపెట్టుకోమనండి. ఎం.సి.వి. 100 దాటితే బి12, ఫోలేట్ చూడాలి. జ్వరం, వాపు లాంటివి ఉన్నప్పుడు ఫెరిటిన్ ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి అవి ఉంటే ముందే చెప్పాలి. గర్భం వచ్చే అవకాశం ఉంటే ఆ మాటా చెప్పాలి, అప్పుడు పరిమితులు మారతాయి.

కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, తారులా నల్లటి మలం, ఆగని రక్తస్రావం వీటిలో ఏది ఉన్నా ఒకటి రెండు రోజులు ఆగవద్దు, ఇవాళే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

ఐరన్ లోపమని తేలి చికిత్స మొదలైతే, మందు పనిచేస్తోందో లేదో చూడటానికి మళ్లీ కంటి ఫోటోలు తీయించవద్దు. మాత్రలు ఒంటికి పడుతుంటే సుమారు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములు పెరగాలి. అంత చిన్న పెరుగుదలను ఫోటోలో ఎవరూ పట్టుకోలేరు. నాలుగు వారాలకు మళ్లీ రక్తం ఇవ్వాలి. అప్పటికీ సంఖ్య కదలకపోతే మాత్ర వేసుకోవడం లేదా, ఒంటికి పట్టడం లేదా, రక్తం ఇంకా పోతూనే ఉందా అని వెతకాలి.